ఇంటి ఓనరుగారికి ఒక ఉత్తరం



జనవరి వచ్చిందంటే జీతగాళ్లకు ఆఫీసు నుంచి ఒక మెయిల్ వస్తుంది. పన్ను మినహాయింపుల కోసం ఏడాది మొదట్లో మీరేం చెప్పారో వాటి రుజువులు ఫలానా తేదీలోగా అప్‌లోడ్ చేయండి, లేకపోతే మిగిలిన నెలల జీతంలో పన్ను కోసేస్తాం అని దాని సారాంశం. బీమా రసీదులు, బ్యాంకు సర్టిఫికెట్లు మన చేతిలోనే ఉంటాయి. ఒక్క ఇంటి అద్దె దగ్గరే ఇంకొకరి దయ కావాలి. అద్దె రసీదుల మీద ఓనరుగారి సంతకం ఉండాలి. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఆయన పాన్ నంబరు కూడా ఆఫీసుకు ఇవ్వాలి.

అప్పుడు చాలామంది చేసే పని, ఫోన్లో ఒక ముక్క టైపు చేసి పంపడం. “సార్, మీ పాన్ నంబర్ పంపండి, ఆఫీసులో అడుగుతున్నారు.” అవతల రెండు నీలం గీతలు పడతాయి, జవాబు రాదు. వారం ఆగి ఫోన్ చేస్తే, “మా అబ్బాయిని అడిగి చెప్తానమ్మా” అంటారు. ఇంకో వారానికి, “పాన్ అవీ మేం ఇవ్వమండీ, మీకు ముందే చెప్పాల్సింది” అంటారు. ఈలోగా ఆఫీసు గడువు అయిపోతుంది.

ఆ ఒక్క ముక్క ఎందుకు పనిచేయదో, దాని బదులు రాయాల్సిన ఉత్తరం ఎలా ఉండాలో ఈ పూట చూద్దాం. లెక్కలన్నీ 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు నడిచే సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, అందులో సెక్షన్ల అంకెలు వేరు. కాబట్టి సెక్షన్ల జోలికి ఎక్కువగా పోను.

ముందు ఒక ఉదాహరణ అనుకుందాం. విజయవాడ అమ్మాయి. హైదరాబాదులో, గచ్చిబౌలిలో ఉద్యోగం. కొండాపూర్‌లో నెలకు 35,000 రూపాయలకు ఫ్లాట్ అద్దెకు తీసుకుంది. ఫ్లాట్ ఓనరు హనుమకొండలో ఉండే రిటైరైన ఉపాధ్యాయుడు. ఆమె ఆయన్ని మాస్టారు అనే పిలుస్తుంది. అద్దె ప్రతి నెలా ఐదో తారీఖులోగా ఆయన బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఏడాదికి జీతం 20 లక్షలు. అందులో బేసిక్ 10 లక్షలు, ఇంటి అద్దె భత్యం, అంటే హెచ్.ఆర్.ఏ., 4 లక్షలు. విజయవాడలో లోను మీద కట్టిన సొంత ఇల్లుంది, అందులో అమ్మానాన్నా ఉంటారు.

ఉత్తరం రాసే ముందు ఈ అమ్మాయి తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అసలు ఈ రసీదులు తనకు అక్కరకొస్తాయా? హెచ్.ఆర్.ఏ. మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. మనం ఏమీ ఎంచుకోకపోతే ఆఫీసువాళ్లు కొత్త విధానంలోనే పన్ను లెక్క వేస్తారు. పైగా కొత్త విధానంలో జీతం 12 లక్షల 75 వేల వరకు ఉన్నవారికి పన్నే పడదు. అలాంటివారు ఓనరుగారిని పాన్ అడిగి ఇబ్బంది పెట్టడం ఊరికే శ్రమ. ఏటా ఎంతోమంది ఈ సంగతి చూసుకోకుండా, పక్క సీటువాళ్లు అడుగుతున్నారని తామూ అడుగుతుంటారు.

మన ఉదాహరణలో అమ్మాయి పాత విధానం ఎంచుకుంది. మినహాయింపు ఎంతో తేల్చడానికి మూడు అంకెలు వేసుకుని, వాటిలో చిన్నదాన్ని తీసుకోవాలి. ఒకటి, ఆఫీసు ఇచ్చిన హెచ్.ఆర్.ఏ., 4 లక్షలు. రెండు, బేసిక్‌లో నలభై శాతం. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలలో ఉండేవారికి యాభై శాతం, 2025-26 లెక్కలో హైదరాబాదుకు నలభైయే. అది కూడా 4 లక్షలు. మూడు, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే మిగిలేది. ఏడాది అద్దె 4,20,000, అందులో లక్ష పోతే 3,20,000. మూడింటిలో ఇదే చిన్నది. అంటే 3,20,000 రూపాయల మీద ఆమెకు పన్ను పడదు.

బీమా, పీఎఫ్, ఇంటి లోను వడ్డీ, పెన్షన్ పథకం, స్టాండర్డ్ డిడక్షన్ అన్నీ కలిపి ఆమెకు మరో 5,25,000 తగ్గుతాయనుకుందాం. అద్దె మినహాయింపు కూడా కలిస్తే పాత విధానంలో పన్ను 1,65,360 రూపాయలు. అద్దె మినహాయింపు పోతే అదే పన్ను 2,65,200 అవుతుంది. తేడా దాదాపు లక్ష. ఉత్తరానికి జవాబు రాకపోతే ఫిబ్రవరి, మార్చి జీతాల్లో కోత పడేది ఈ లక్షే.

అలాగని ఆ ఉత్తరం విలువ లక్ష అనుకోకూడదు. కొత్త విధానంలో ఆమె పన్ను 1,92,400. అద్దె మినహాయింపు చివరికి దొరక్కపోయినా జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఆమె కొత్త విధానానికి మారిపోవచ్చు. అప్పుడు ఎక్కువ కోసిన దాంట్లో 72,800 తిరిగి వస్తుంది. నిజంగా చేజారేది 27,040 రూపాయలు. ఓనరుగారితో మాట్లాడేటప్పుడు ఈ అంకె మనసులో ఉంటే మంచిది. లక్ష పోతోందన్న కంగారులో మాట్లాడే తీరు వేరు, పాతిక వేల సంగతి అని తెలిసి మాట్లాడే తీరు వేరు.

ఇక మాస్టారి వైపు నుంచి చూద్దాం. ఆయన జవాబు ఇవ్వకపోవడానికి కారణం మొండితనం కానక్కర్లేదు, భయం కావచ్చు. ఆ భయంలో కొంత నిజముంది. ఆమె ఇచ్చిన పాన్ నంబరును ఆఫీసువాళ్లు ఏడాది చివరి త్రైమాసికం టీడీఎస్ రిటర్నులో పన్నుల శాఖకు పంపుతారు. ఆ తరువాత మాస్టారి పాన్ మీద ఫలానా అద్దె వచ్చిందని శాఖ రికార్డులో కనిపిస్తుంది. ఆయన తన వార్షిక సమాచార పత్రం తెరిచి చూసుకుంటే అక్కడే కనబడుతుంది. కాబట్టి, “మీకేం కాదు మాస్టారూ, ఊరికే ఫార్మాలిటీ” అని రాయడం అబద్ధం. అలా రాసి నంబరు తీసుకుంటే, వచ్చే ఏడాది ఆయనకు నోటీసు అందినప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

నిజం చెబుతూనే భయం తీర్చే దారి ఉంది. అద్దె మొత్తం మీద పన్ను పడదు. అది ఆయన లెక్కల్లో ఇంటి మీద వచ్చే ఆదాయం. 4,20,000 అద్దెలో ముందు ఆయన కట్టిన ఆస్తి పన్ను తీసేస్తారు, 12,000 అనుకుందాం. మిగిలిన 4,08,000లో ముప్పై శాతం, మరమ్మతులు చేయించినా చేయించకపోయినా, రసీదులేవీ అడక్కుండా చట్టమే తగ్గిస్తుంది. అంటే 1,22,400 పోయి 2,85,600 మిగులుతుంది. పన్ను లెక్కలోకి వచ్చేది ఇంతే. ఆ ఫ్లాట్ మీద లోను ఉంటే వడ్డీ కూడా తగ్గుతుంది.

మాస్టారి పెన్షన్ నెలకు 45,000 అనుకుంటే ఏడాదికి 5,40,000. అందులో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 4,65,000. దానికి అద్దె తాలూకు 2,85,600 కలిపితే 7,50,600. కొత్త విధానంలో ఇలాంటి ఆదాయం 12 లక్షల లోపు ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను సున్నా. ఆయన చేయాల్సిందల్లా జూలై 31 లోగా రిటర్ను వేయడం, అందులో ఈ అద్దె చూపించడం.

ఇది అందరు ఓనర్ల విషయంలోనూ ఇలాగే ఉంటుందని అనడం లేదు. వ్యాపారం ఉన్నవారికి, నాలుగు ఫ్లాట్లున్నవారికి ఈ అద్దె మీద ముప్పై శాతం పన్ను పడొచ్చు. కానీ ఆ పన్ను పాన్ ఇచ్చినందుకు పడేది కాదు, అద్దె తీసుకున్నందుకు ఎప్పుడో పడాల్సింది. గడిచిన ఏళ్ల అద్దె చూపించనివారికి ఆలస్యంగా సరిదిద్దుకునే రిటర్ను వేసే వీలు కూడా చట్టంలో ఉంది. అది వాళ్ల ఆడిటరుగారితో తేల్చుకోవాల్సిన పని, అద్దెకున్నవాళ్లు ఉత్తరంలో ఎత్తకూడని పని.

ఇప్పుడు ఉత్తరం. పేర్లు, చిరునామాలు వదిలేసి చదువుతాను.

“గౌరవనీయులైన మాస్టారు గారికి నమస్కారాలు. మీరు, అమ్మగారు కులాసా అని తలుస్తాను. కొండాపూర్ ఫ్లాట్‌కు నేను కట్టిన అద్దెకు మా ఆఫీసులో పన్ను మినహాయింపు ఉంది. దానికి ఈ నెల 25వ తేదీలోగా కాగితాలు ఇవ్వాలి. అందుకు మీ నుంచి రెండు సాయాలు కోరుతున్నాను.

మొదటిది, అద్దె రసీదులు. 2025 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు నెలకు 35,000 చొప్పున తొమ్మిది నెలలకు 3,15,000 రూపాయలు మీ ఖాతాకు పంపాను. ఏ తేదీన ఎంత పంపానో పట్టిక జతచేశాను. రసీదులు నేనే టైపు చేసి పంపుతున్నాను. మీ పాస్‌బుక్‌తో సరిచూసుకుని సంతకం చేస్తే చాలు. జనవరి, ఫిబ్రవరి, మార్చి రసీదులు ఆ అద్దె మీకు అందాక అడుగుతాను.

రెండోది, మీ పాన్ నంబరు, కార్డు మీద ఉన్నట్లుగా మీ పేరు. ఏడాది అద్దె లక్ష దాటినందున ఆఫీసువారికి ఇది ఇవ్వడం తప్పనిసరి. ఈ నంబరును వారు పన్నుల శాఖకు తెలియజేస్తారు. ఆ సంగతి మీకు ముందే చెప్పడం నా ధర్మం. అద్దెలో ఆస్తి పన్ను, ఆపైన ముప్పై శాతం పోను మిగిలినదే మీ ఆదాయంలో కలుస్తుందని తెలుసుకున్నాను. ఆ లెక్క వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. మీ ఆడిటరుగారికి ఒకసారి చూపించండి. ఫ్లాట్ అమ్మగారి పేరున కూడా ఉంటే ఇద్దరి నంబర్లూ, ఎవరి వాటా ఎంతో తెలపండి. పాన్ లేకపోతే, లేదని మీ పేరు, చిరునామాతో ఒక కాగితం రాసి ఇవ్వండి.

నంబరు ఆఫీసువారికి తప్ప ఇంకెవరికీ ఇవ్వను. ఆదివారం ఉదయం మీకు వీలున్న వేళ ఫోన్ చేస్తాను. ఇట్లు, మీ ఫ్లాట్‌లో ఉంటున్న...” అని సంతకం.

ఇంతే ఉత్తరం. ఇందులో కొన్ని మాటలు ఎందుకు పెట్టామో చూద్దాం.

తొమ్మిది నెలలకే రసీదులు అడగడం కావాలని చేసిందే. జనవరిలో కూర్చుని మార్చి రసీదు మీద సంతకం పెట్టమంటే, అందని డబ్బు అందిందని రాయమన్నట్టు. జాగ్రత్త గల మనిషి అక్కడే ఆగిపోతారు, ఆగడం న్యాయం కూడా. మిగిలిన మూడు నెలలకు ఆఫీసులో అద్దె ఒప్పందం చూపించి, రసీదులు తరువాత ఇస్తామని చెప్పవచ్చు.

రసీదులో ఉండాల్సినవి కొన్నే. ఎవరి నుంచి అందింది, ఏ ఇంటికి, ఏ నెలకు, ఎంత, ఏ రూపంలో, ఓనరు పేరు, పాన్, సంతకం, తేదీ. అద్దె నగదుగా ఇచ్చి, ఆ మొత్తం 5,000 దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం స్టాంపు మీదుగా వచ్చేలా చేయించాలి. ఒక మాట గుర్తుంచుకోండి. డబ్బు పుచ్చుకున్నవారు, ఇచ్చినవారు అడిగితే రసీదు ఇవ్వాలని మన స్టాంపుల చట్టంలోనే ఉంది. కాబట్టి రసీదు అడగడం మొహమాటపడాల్సిన పని కాదు.

అద్దె అంటే అద్దే. అపార్ట్‌మెంట్ సంఘానికి కట్టే మెయింటెనెన్స్, కరెంటు బిల్లు, ఇంట్లో దిగేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు ఇందులో కలపకూడదు. 35,000 అద్దెకు 4,000 మెయింటెనెన్స్ కలిపి 39,000 అని రసీదు రాయించుకుంటే, మాస్టారి పాన్ మీద రాని ఆదాయం చూపించినట్టవుతుంది. ఆయన బ్యాంకు లెక్కకూ మీ రసీదుకూ పొంతన ఉండదు. కొందరు ఓనర్లు దీనికి ఉల్టా కోరిక కోరతారు. ఒప్పందంలో 20,000 రాసి, మిగతా 15,000 చేతిలో పెట్టమంటారు. అలా ఒప్పుకున్నవారికి మినహాయింపు కాగితం మీదున్న 20,000కే. ఇంట్లో దిగే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

పాన్ నంబరు అందగానే ఒకసారి పరీక్షగా చూడండి. మొత్తం పది గుర్తులు. ముందు ఐదు ఇంగ్లీషు అక్షరాలు, తరువాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. మనిషి పేరు మీద ఉన్న పాన్ అయితే నాలుగో అక్షరం పి అయి ఉంటుంది. ఐదోది ఆయన ఇంటిపేరు మొదటి అక్షరం. కొందరి కార్డుల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారై ఉంటాయి, అందుకే కార్డు మీద ఉన్నట్లుగా పేరు అడిగాం. ఫోన్లో చెప్పించుకుంటే సున్నాను ఓ అని, ఐ అక్షరాన్ని ఒకటి అని రాసుకునే ప్రమాదముంది. అక్షరాల చోట అంకె ఉండదని, అంకెల చోట అక్షరం ఉండదని గుర్తుంటే ఆ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

కార్డు నకలు కూడా కావాలని కొన్ని ఆఫీసులు అడుగుతాయి. అలాంటప్పుడు నకలు మీద అడ్డంగా, “2025-26 ఇంటి అద్దె భత్యం కోసం మాత్రమే” అని రాసి, సంతకం చేసి ఇమ్మని మీరే ఓనరుగారికి చెప్పండి. పాన్ నకలు ఎవరి చేతుల్లో పడి, ఎవరి లోనుకు వాడతారో అన్న భయం పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఆ ఒక్క గీతతో వాళ్లకు ధీమా వస్తుంది.

ఇక రెండు ప్రత్యేక సందర్భాలు. అద్దె నెలకు 50,000 దాటితే వ్యవహారం మారుతుంది. అద్దెకున్నవారే రెండు శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, అక్కడ పాన్ లేకుండా పని జరగదు. రెండోది మన ఊళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది. ఇల్లు అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున ఉంటుంది, అద్దె వసూలు చేసేది ఇక్కడున్న నాన్నగారు. నాన్నగారి పాన్ ఇస్తే సరిపోదు, ఇల్లు ఎవరిదో, అద్దె ఎవరి ఆదాయమో వారి పాన్ కావాలి. ఓనరు విదేశంలో స్థిరపడినవారైతే అద్దె ఎంత తక్కువైనా అద్దెకున్నవారే పన్ను పట్టుకోవాలి, మామూలుగా అది 31.2 శాతం. అందుకు అద్దెకున్నవారు టాన్ అనే నంబరు తీసుకోవాలి. మీ ఓనరు విదేశంలో ఉన్నారని తెలిస్తే ఉత్తరం రాసే ముందే ఒక ఆడిటరును కలవండి.

అన్నీ సరిగా రాసినా మాస్టారు ఇవ్వకపోతే? కొందరు చేసే పని, స్నేహితుడి పాన్ నంబరో, బంధువుల నంబరో వేసేయడం. దాంతో ఆ నంబరు గల మనిషి ఖాతాలో రాని అద్దె కనబడుతుంది, ఆయన నాకు సంబంధం లేదంటారు, తరువాత ప్రశ్న మీకే వస్తుంది. తప్పుడు వివరం ఇచ్చారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఆఫీసులో మినహాయింపు రాకపోయినా, జూలై 31 లోగా పాత విధానంలో రిటర్ను వేసి, అందులో హెచ్.ఆర్.ఏ. మినహాయింపు మీరే కోరవచ్చు. శాఖవారు అడిగితే చూపించడానికి అద్దె ఒప్పందం, నెలనెలా డబ్బు వెళ్లిన బ్యాంకు స్టేట్‌మెంటు, మాస్టారికి రాసిన ఈ ఉత్తరం నకలు జాగ్రత్త చేసుకోండి. మన ఉదాహరణలోని అమ్మాయికి ఫిబ్రవరి, మార్చి జీతాల్లో కోసిన 99,840 రూపాయలు అలా తిరిగి రావడానికి ఆస్కారముంది. కాకపోతే కొన్ని నెలలు ఆగాలి.

ఈ దారి నగదుగా అద్దె ఇచ్చినవారికి చాలా కష్టం. రసీదూ లేక, బ్యాంకు జాడా లేక, తాము అద్దె కట్టామని నిరూపించుకునే ఆధారమే ఉండదు. అందుకని ఓనరుగారు ఎంత మంచివారైనా అద్దె ఖాతాలోనే వేయండి.

చివరిగా, ఈ ఉత్తరం జనవరిలో రాయాల్సిన అవసరమే లేకుండా చేసుకోవచ్చు. హైదరాబాదులో అద్దె ఒప్పందాలు చాలావరకు పదకొండు నెలలవే, ఏడాదికోసారి తిరిగి రాసుకుంటాం. ఈసారి రాసేటప్పుడు రెండు వాక్యాలు చేర్చమనండి. ఓనరుగారి పాన్ ఫలానా అని ఒకటి, అద్దె అందిన నెలలకు మూడు నెలలకోసారి రసీదు ఇస్తారని ఇంకొకటి. తాళంచెవులు చేతులు మారే రోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉంటారు, ఆఫీసు గడువు తరుముకు రాదు. పాన్ ఇవ్వడం ఇష్టం లేని ఓనరు అప్పుడే ఆ మాట చెప్పేస్తారు. ఇల్లు తీసుకోవాలో వద్దో, తీసుకుంటే అద్దె ఎంత తగ్గించమనాలో మీరు అప్పుడే తేల్చుకోవచ్చు.